రాతి గోడ మీద లోగో అతికించినట్టు కాకుండా రాసినట్టు కనిపించాలంటే: డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర మాది చిన్న డిజైన్ షాపు. గోడ మీద బొమ్మ వేయించుకునేవాళ్లకి రంగు డబ్బా మూత తీయకముందే "మీ గోడ మీద ఇలా ఉంటుంది" అని ఫొటోలో చూపించడం మా పనిలో ఒక భాగం. పెయింటర్లూ, కొత్తగా ఫొటోషాప్ పట్టిన కుర్రాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒక్కటే: పొందూరు ఖాదీ అమ్మే ఒక దుకాణం, దాని పక్కనున్న రాతి కట్టుబడి గోడ. బండరాళ్ల మధ్య సిమెంటు పాయింటింగు నరాల్లా ఉబ్బి కనబడే గోడ. మన జిల్లాల్లో ఏ ఊళ్లో చూసినా ఇలాంటిది ఒకటైనా ఉంటుంది.

అసలు డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్ ఏం చేస్తుంది?

లోగోలోని పిక్సెళ్లను పక్కకి జరుపుతుంది, అంతే. ఎటు, ఎంత జరపాలో ఇంకో నలుపు తెలుపు బొమ్మను చూసి తెలుసుకుంటుంది. ఆ బొమ్మే మ్యాప్. అందులో టోన్లు 0 నుంచి 255 వరకు ఉంటాయి. 128 దగ్గరి నడిమి బూడిదరంగు ఉన్నచోట లోగో కదలదు. అంతకంటే తెల్లగా ఉంటే ఒక వైపుకి, నల్లగా ఉంటే ఎదురు వైపుకి జరుగుతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. మ్యాప్‌కి ఎత్తుపల్లాలు తెలియవు, వెలుగు చీకట్లే తెలుసు. గోడ మీద పాన్ మరక ఉంటే అదొక గుంట అనుకుంటుంది. సగం చినిగిన సినిమా పోస్టరు తెల్లగా ఉంటే దాన్ని గుట్ట అనుకుంటుంది. కింద రాసిన చిక్కుల్లో చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

ఎంత జాగ్రత్తగా చేసినా లోగో అక్షరాలు వణికినట్టు వస్తున్నాయి. ఎందుకు?

నా మొదటి పని కూడా అలాగే వచ్చింది. గోడకి ఎదురుగా వేపచెట్టు ఉంది, మధ్యాహ్నం పూట దాని నీడ గోడంతా పరుచుకుని ఉంది. ఆ ఫొటోనే నలుపు తెలుపు చేసి మ్యాప్‌గా ఇచ్చేశాను. లోగో రాళ్ల వెంట వంగాల్సింది పోయి వేపాకుల నీడ వెంట వంగింది. పెయింటరు చూసి, "ఇదేటి బాబూ, అచ్చరాలకి చలిజొరం వచ్చినట్టుంది?" అన్నాడు. తిరిగి చెప్పడానికి నా దగ్గర మాట లేదు.

వణుకు రెండు కారణాల వల్ల వస్తుంది. మొదటిది ఇప్పుడు చెప్పిన నీడలూ మరకలూ. రెండోది ఫొటోలోని సన్నటి ఇసుక లాంటి గరుకు. సెల్‌ఫోన్ ఫొటోని పెద్దగా చేసి చూస్తే పక్కపక్క పిక్సెళ్లు ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా ఉంటాయి. మ్యాప్ వాటిని కూడా నమ్మి ఒక పిక్సెల్‌ని అటూ పక్క పిక్సెల్‌ని ఇటూ తోస్తుంది, అంచు రంపంలా తయారవుతుంది. మ్యాప్‌ని 2 పిక్సెళ్ల గాసియన్ బ్లర్‌తో మెత్తబరిస్తే ఇది పోతుంది. అంచులు ఇంకా రంపంలా ఉంటే 3 చేయండి. మరీ పెంచితే పాయింటింగు నరాలే కరిగిపోతాయి.

తెలుగు అక్షరాల్లో ఈ లోపం ముందుగా తలకట్ల దగ్గర, కొమ్ముల దగ్గర బయటపడుతుంది. "పొందూరు" అని రాసినప్పుడు దూ, రు చివర్ల సన్నగీతలు తెగినట్టు అవుతాయి. అందుకే ప్రివ్యూలో లోగో మొత్తం చూడకుండా 100 శాతం జూమ్‌లో ఒక్క కొమ్ము చూడండి. అది నిలబడితే మిగతాదీ నిలబడుతుంది.

ఫొటో ఎప్పుడు తీయాలి?

జనం నన్ను తక్కువసార్లు అడిగే ప్రశ్న ఇదే, కానీ పనికి ఇదే ముఖ్యం.

ఎండ పక్క నుంచి ఏటవాలుగా పడినప్పుడు గరుకు గోడ అందంగా కనబడుతుంది. ప్రతి నరానికీ ఒక వైపు వెలుగు, ఒక వైపు నీడ ఉంటాయి. కానీ ఆ ఫొటో మ్యాప్‌కి పనికిరాదు. అందులో వెలుగు చెప్పేది వాలు ఎటు ఉందన్న సంగతి, ఎత్తు ఎంతన్నది కాదు. నరం ఒక్కటే అయినా మ్యాప్‌కి ఒక పక్క గుట్టగా, ఇంకో పక్క గుంటగా కనిపిస్తుంది.

మబ్బు పట్టినప్పుడు, లేదా గోడ పూర్తిగా నీడలో ఉన్నప్పుడు వెలుగు అన్ని వైపుల నుంచీ సమానంగా వస్తుంది. సందుల్లోకి తక్కువ వెళ్తుంది, ఉబ్బిన చోట ఎక్కువ పడుతుంది. అప్పుడు వెలుగు దాదాపుగా ఎత్తుని చెబుతుంది. మా రాతి గోడకి ఇంకో అదృష్టం కలిసొచ్చింది. రాయి ముదురు రంగు, ఉబ్బిన సిమెంటు లేత రంగు, అంటే ఎత్తుగా ఉన్నదే తెల్లగా కూడా ఉంది. వాన వెలిశాక సిమెంటుకి పాచి పట్టి నల్లబడితే ఈ అదృష్టం తిరగబడుతుంది. అప్పుడు మ్యాప్‌ని ఇన్‌వర్ట్ చేయాలి.

కాబట్టి ట్రైపాడ్ కదపకుండా రెండు ఫొటోలు తీయండి. తూర్పు ముఖం గోడ అయితే పొద్దున్నే ఎండ ఎదురుగా పడుతుంది. పదకొండు దాటాక ఏటవాలవుతుంది, మధ్యాహ్నం తర్వాత గోడ నీడలోకి వెళ్తుంది. పదకొండున్నరకి తీసినది ఖాతాదారుకి చూపించే ఫొటో. మూడు గంటలకి తీసినది మ్యాప్ చేయడానికి. మధ్యలో మూడున్నర గంటలు ఉంది కదా అని ట్రైపాడ్ తీసేయకండి. తీయక తప్పకపోతే కాళ్లు ఆనిన చోట సుద్దతో గుర్తు పెట్టుకుని, ఎత్తూ కోణమూ రాసుకోండి. వేసవిలో షాపువాళ్లని బతిమాలి ట్రైపాడ్‌కి ఒక గొడుగు కట్టించుకున్న రోజులు కూడా ఉన్నాయి.

మ్యాప్ తయారు చేసే వరస ఏమిటి?

నీడలో తీసిన ఫొటోని `Image > Duplicate` తో వేరు చేసి, `Image > Mode > Grayscale` చేయండి. అసలు ఫొటోని క్రాప్ చేయాలనుకుంటే ఈ పని మొదలుపెట్టకముందే చేసేయండి. మ్యాప్ సేవ్ చేశాక అసలు ఫైలుని క్రాప్ చేస్తే రెండింటి కొలతలూ వేరైపోతాయి. అప్పుడు ఫొటోషాప్ మ్యాప్‌ని సాగదీసి సరిపెడుతుంది, రాయి ఒకచోట, వంపు ఇంకోచోట పడతాయి.

తర్వాత మరకలు, పోస్టరు ముక్కలు, పాత రాతలు అన్నీ మ్యాప్‌లో మాత్రమే హీలింగ్ బ్రష్‌తో తుడిచేయండి. గోడ ఫొటోలో అవి ఉండొచ్చు, మ్యాప్‌లో ఉండకూడదు.

ఆ తర్వాత `Filter > Other > High Pass`. మా ఫొటోకి 40 పిక్సెళ్ల రేడియస్ సరిపోయింది, ఒక నరం వెడల్పు కంటే కొంచెం ఎక్కువ. ఇది రెండు పనులు చేస్తుంది. గోడ ఒక చివర వెలుగుగా, ఇంకో చివర మసకగా ఉంటే ఆ తేడాని తీసేస్తుంది. టోన్లన్నింటినీ 128 చుట్టూ తెచ్చి పెడుతుంది. రెండోది చాలామంది పట్టించుకోరు. మ్యాప్ సగటు 128 కాకుండా 170 అయితే లోగో వంగడంతో పాటు మొత్తంగా ఒక పక్కకి జరిగిపోతుంది. "నేను మధ్యలో పెట్టాను, ఫిల్టరు వేస్తే పక్కకి పోయింది" అని అడిగేవాళ్లకి జవాబు ఇదే. హిస్టోగ్రామ్ ప్యానెల్‌లో `Mean` చూడండి, 128కి దగ్గరగా ఉంటే చాలు.

హై పాస్ తర్వాత బొమ్మ చప్పగా అవుతుంది. లెవెల్స్‌తో కొంచెం కాంట్రాస్ట్ పెంచి, బ్లర్ కొట్టి, లేయర్లు కలిపేసి PSDగా సేవ్ చేయండి. JPGగా సేవ్ చేస్తే డిస్‌ప్లేస్ ఫిల్టరు దాన్ని తీసుకోదు.

`Displace` బాక్సులో 10, 10 అని ముందే ఉంటుంది. అదే ఉంచేయొచ్చా?

ఉంచకండి. ఎవరి గోడకీ కొలిచి పెట్టిన అంకె కాదది.

లెక్క నిజానికి సులువు. స్కేల్ 100 ఉంటే మ్యాప్‌లో ఒక్కో టోన్ తేడాకి లోగో ఒక్కో పిక్సెల్ జరుగుతుంది. కాబట్టి:

```
Scale = కావలసిన పిక్సెళ్లు × 100 ÷ టోన్ తేడా
```

కావలసిన పిక్సెళ్లు ఎన్ని? దీనికి మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నది తెలియాలి. గోడకి సరిగ్గా ఎదురుగా నిలబడితే ఉబ్బిన నరం మన వైపే ఉబ్బుతుంది, పక్కకి కాదు. అక్కడి నుంచి చూస్తే దాని మీద రాసిన గీత దాదాపు తిన్నగానే కనిపిస్తుంది. పక్కకి జరిగి ఏటవాలుగా చూస్తేనే వంపు తెలుస్తుంది. ఎంత ఏటవాలుగా చూస్తే అంత ఎక్కువ.

ఖాదీ దుకాణం గోడని రోడ్డు మీద నడిచి వచ్చేవాడి చూపు నుంచి, ఎదురు దిశకి సుమారు 40 డిగ్రీల పక్క నుంచి తీశాం. పాయింటింగు అర అంగుళం ఉబ్బు ఉంది. స్కేలు పెట్టి కొలిచాం, కంటితో అంచనా కాదు. లోగో నడిమిలో గోడ మీది ఒక అడుగు నిలువు ఫొటోలో 240 పిక్సెళ్లు, అంటే అంగుళానికి 20. సైన్ 40 డిగ్రీలు 0.64. అర అంగుళం × 20 × 0.64 అంటే 6.4 పిక్సెళ్లు. మ్యాప్‌లో రాయి టోన్ 90 దగ్గర, సిమెంటు 170 దగ్గర, తేడా 80.

```
6.4 × 100 ÷ 80 = 8
```

అడ్డానికి 8. మరి నిలువుకి? కెమెరా 5 అడుగుల ఎత్తులో ఉంది, లోగో నడిమి కూడా అంతే ఎత్తులో ఉంది. పైనుంచో కిందనుంచో చూడటం లేదు కాబట్టి నిలువుకి 0. అక్కడ 10 ఉంచేసి ఉంటే లోగో ఐమూలగా జరిగేది. ఎందుకలా అయిందో ఎవరూ చెప్పలేరు గానీ "ఏదో తేడాగా ఉంది" అని అందరికీ అనిపించేది.

వంపు సరైన వైపుకే వచ్చిందా అని ఎలా తెలుస్తుంది?

ఉబ్బిన చోట లోగో అంచు మనకి దూరంగా ఉన్న గోడ చివర వైపుకి జరగాలి. ఎడమ పక్క నిలబడి చూస్తుంటే నరం మీది అంచు కుడికి పోవాలి. బొమ్మ తల ఎత్తి చూసేంత పైన ఉంటే పైకి పోవాలి. తిరగబడి వస్తే మ్యాప్ మార్చక్కర్లేదు, 8 బదులు -8 పెట్టండి.

నమ్మకం కుదరకపోతే లోగో బదులు నిలువు చారలు వేసి ఒకసారి ఫిల్టరు నడిపి చూడండి. చారలు తప్పు దాచలేవు.

లోగో లేయర్‌ని ఎలా సిద్ధం చేయాలి?

ముందు స్మార్ట్ ఆబ్జెక్ట్ చేయండి. తర్వాత గోడ వాలుకి సరిపడా పర్‌స్పెక్టివ్ ఇవ్వండి. ఆ తర్వాతే `Filter > Distort > Displace`. బాక్సులో `Stretch To Fit`, `Repeat Edge Pixels` పెట్టండి. `Embed File Data In Smart Object` అనే టిక్ కనిపిస్తే పెట్టేయండి. లేకపోతే రేపు మ్యాప్ ఫైలు వేరే ఫోల్డర్‌కి మారినప్పుడు చిక్కు వస్తుంది. OK నొక్కాక మ్యాప్ ఫైలు ఎక్కడుందో అడుగుతుంది.

స్మార్ట్ ఆబ్జెక్ట్ అయితే తర్వాత దుకాణం షావుకారుగారు "రాట్నం ఇంకాస్త పెద్దది చెయ్యండి" అన్నా మళ్లీ మొదటికి రానక్కర్లేదు. లోపలికి వెళ్లి మార్చి సేవ్ చేస్తే బయట వంపు తనే పడుతుంది. ఆయన ఆ మాట మూడుసార్లు అన్నారు కాబట్టి చెబుతున్నాను.

ఫిల్టరు వేసే ముందు ఏ సెలెక్షనూ లేకుండా `Ctrl+D` కొట్టండి. సెలెక్షన్ ఉంటే మ్యాప్ మొత్తం ఆ సెలెక్షన్‌లోకి కుంచించుకుపోతుంది.

వంపు బాగానే వచ్చింది, అయినా స్టిక్కరు అతికించినట్టే ఉంది.

వంపు సగం పనే. గోడ వెలుగునీడలు రంగు మీద కూడా పడాలి. ముదురు రంగు లోగో అయితే బ్లెండ్ మోడ్ `Multiply` సరిపోతుంది.

ఖాదీ దుకాణం లోగో తెలుపు. మల్టిప్లై పెడితే తెలుపు కనబడకుండా పోతుంది, చాలామంది కంగారుపడేది ఇక్కడే. అలాంటప్పుడు మోడ్ `Normal` లోనే ఉంచి, లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి `Blend If` లో `Underlying Layer` కింద నల్ల మీటని కుడికి జరపండి. `Alt` నొక్కి లాగితే మీట రెండుగా చీలి మార్పు మెత్తగా వస్తుంది. రాళ్ల సందుల్లోని నీడ తెలుపులోంచి బయటకి వస్తుంది, బ్రష్ లోపలి దాకా వెళ్లలేదన్నట్టు ఉంటుంది. నిజం గోడ మీద కూడా జరిగేది అదే. ఇక్కడ వాడాల్సింది పదకొండున్నరకి తీసిన ఎండ ఫొటో.

తెలుపుని 255గా ఉంచకండి. సున్నం వేసిన గోడ కూడా ఫొటోలో అంత తెల్లగా ఉండదు. ఫ్రేములో ఉన్న ఏదైనా తెల్ల వస్తువు టోన్ చూసి దానికి కొంచెం తక్కువ పెట్టండి.

గుండ్రటి గోడ అయితే? నీళ్ల ట్యాంకు మీద తప్పెటగుళ్ల బొమ్మ వేయాలి.

గుండ్రాన్ని డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్‌కి అప్పగించకండి. ట్యాంకు ఫొటోలో అంచులు నల్లగా ఉండేది అక్కడ వెలుగు తగ్గడం వల్ల. మ్యాప్ దాన్ని గుంట అనుకుని బొమ్మని ఇష్టమొచ్చినట్టు తోస్తుంది. గుండ్రం పని `Edit > Transform > Warp` ది, గరుకు పని మ్యాప్‌ది. హై పాస్ ఆ పెద్ద వెలుగు తేడాని తీసేస్తుంది కాబట్టి రెండూ ఒకదానికొకటి అడ్డు రావు.

వార్ప్‌లో ఎంత వంచాలో చెప్పడానికి ఒక లెక్క. ట్యాంకు సగం వెడల్పు, అంటే వ్యాసార్థం 5 అడుగులు, బొమ్మ గోడ చుట్టూ 10 అడుగులు అనుకుందాం. కాస్త దూరం నుంచి ఎదురుగా చూస్తే ఆ 10 అడుగులు సుమారు 8.4 అడుగులుగా కనిపిస్తాయి. తగ్గింది అన్నిచోట్లా ఒకేలా కాదు. నడిమిలోని ఒక అడుగు దాదాపు అడుగులాగే, 0.99గా ఉంటుంది. చివరి అడుగు 0.62కి కుంచించుకుపోతుంది. మధ్యలో డప్పు కొట్టే మనిషి మామూలుగా, అంచున ఉన్నవాడు సన్నగా కనబడాలి. అందరినీ ఒకే వెడల్పులో ఉంచి అంచులు మాత్రం వంచితే ట్యాంకు గుండ్రంగా ఉంటుంది, బొమ్మ బల్లపరుపుగా ఉంటుంది. బొమ్మ 5 అడుగులే అయితే 4.8గా కనబడుతుంది, ఆ తేడా ఎవరికీ తెలియదు.

అడ్డగీతలకి ఇంకో నియమం. కంటి ఎత్తులో ఉన్న గీత తిన్నగా ఉంటుంది. అంతకంటే పైనున్నది విల్లులా నడిమిలో పైకి లేస్తుంది, కిందున్నది కిందికి సాగుతుంది. ఎత్తు ట్యాంకు అయితే బొమ్మంతా కంటికి పైనే, కాబట్టి పై అంచు కింది అంచు కంటే ఎక్కువ వంగాలి. రెండూ సమానంగా వంచితే పొరపాటు. ట్యాంకు మీద కాంక్రీటు పోసినప్పటి అడ్డచారలు కనబడుతుంటే వాటినే అనుసరించండి.

వార్ప్‌ని స్మార్ట్ ఆబ్జెక్ట్ మీదే చేయండి. డిస్‌ప్లేస్ దాని తర్వాత నడుస్తుంది, వరస అదే కావాలి.

రోలింగ్ షట్టరు మీద వేయాలంటే?

ఫొటో నుంచి మ్యాప్ తీయకండి. పట్టీలన్నీ ఒకటే కాబట్టి ఒక పట్టీ ఎత్తున నలుపు-తెలుపు-నలుపు గ్రేడియంటు గీసి, దాన్నే కిందికంటా కాపీ చేసుకోండి. మురికి, తుప్పు ఏవీ మ్యాప్‌లోకి రావు.

ఫొటోషాప్ లేదు, గింప్ ఉంది. అవుతుందా?

అవుతుంది. `Filters > Map > Displace`. మ్యాప్‌ని వేరే ఫైలుగా సేవ్ చేయనక్కర్లేదు, లేయర్‌గా చూపిస్తే చాలు. ఇక్కడ అంకె శాతం కాదు, నేరుగా పిక్సెళ్లు. పూర్తి నలుపు లేదా పూర్తి తెలుపు దగ్గర లోగో అంత జరుగుతుంది. పైన మనం పెట్టిన 8 ఇక్కడ సుమారు 10 అవుతుంది.

ఇది ఎక్కడ పనిచేయదు?

ఒకదాన్ని ఇంకొకటి కప్పేసే చోట. జాలీ ఇటుకలు, కిటికీ గూళ్లు, గోడ నుంచి అడుగు ముందుకొచ్చిన స్తంభం లాంటివి. ఏటవాలుగా చూసినప్పుడు స్తంభం వెనక బొమ్మలో కొంత భాగం దాక్కోవాలి. ఈ ఫిల్టరు పిక్సెళ్లని సాగదీయగలదు గానీ దాచలేదు. స్తంభం ముఖం, పక్క, వెనక గోడ మూడింటికీ బొమ్మని మూడు ముక్కలు చేసి, మాస్కులు పెట్టి, ఒక్కోదానికి విడిగా పర్‌స్పెక్టివ్ ఇవ్వాలి. పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి నా కొలత ఇది: ఉబ్బు వల్ల జరగాల్సిన పిక్సెళ్లు అక్షరం గీత మందంలో సగం దాటితే ముక్కలు చేయడం మొదలుపెడతాను.

పెయింటరు ప్రొజెక్టరుతో గీస్తానంటున్నాడు. అప్పుడు కూడా ఈ ఫొటో నిజమేనా?

మంచి ప్రశ్న. ఒక పెయింటరే అడిగాడు, నేను ఆ రాత్రంతా ఆలోచించాను. ప్రొజెక్టరు ఉన్న చోట నుంచి చూస్తే గోడ ఎంత గరుకైనా గీతలు తిన్నగానే కనిపిస్తాయి, ఎందుకంటే వెలుగు వెళ్లిన దారినే చూపూ వెళ్తోంది. అక్కడి నుంచి పక్కకి జరిగినప్పుడే వంపు మొదలవుతుంది. కాబట్టి పైన లెక్కలో 40 డిగ్రీల్ని గోడ ఎదురు దిశ నుంచి కాక ప్రొజెక్టరు దిశ నుంచి కొలవాలి. ప్రొజెక్టరుని రోడ్డు వైపు 20 డిగ్రీలు పక్కకి పెడితే రాళ్ల మీద లోగో వంపు దాదాపు సగానికి తగ్గుతుంది.

ఇది విన్నాక షావుకారుగారు ప్రొజెక్టరుని రోడ్డు వైపే పెట్టమన్నారు. ఆయన గిరాకీ అంతా బస్టాండు నుంచి నడిచి వచ్చేవాళ్లే. మ్యాప్‌లో 8ని 4 చేసి ఇంకో ఫొటో ఇచ్చాం, దాన్నే లామినేషన్ చేయించి పెయింటరు నిచ్చెనకి కట్టుకున్నాడు.